ఒక్క పేజీలో తికమక రూల్స్: డ్రైవింగ్ స్కూల్ కాగితం మీద ఏముండాలి?

లెర్నర్స్ టెస్టుకి వెళ్లే ముందు డ్రైవింగ్ స్కూల్లో ఒక కాగితం చేతికిస్తారు. ముందూ వెనకా కలిపి ఉన్న బోర్డుల బొమ్మలన్నీ దాని మీద ఉంటాయి. వాటి కింద చీమ తలకాయంత అక్షరాల్లో పేర్లుంటాయి. స్కూలు పిల్లలు, రైల్వే గేటు, ఆస్పత్రి, పెట్రోల్ బంక్ లాంటి బొమ్మలు చూడగానే అర్థమవుతాయి. వాటిని ఎవరూ తప్పు చెప్పరు. అయినా కాగితంలో ముప్పావు వంతు వాటికే పోతుంది.

తప్పులు వేరే చోట జరుగుతాయి. రెండు రూల్స్ చూడ్డానికి ఒకేలా ఉండి, చెప్పేది వేరైన చోట మనిషి తడబడతాడు. స్టాప్, గివ్ వే రెండూ తెలుసు, కానీ ఏది ఎక్కడ వర్తిస్తుందో తారుమారవుతుంది. నో పార్కింగ్ తెలుసు, నో స్టాపింగ్ తెలుసు, బోర్డు ముందు నిలబడితే మాత్రం ఏది ఏదో తేలదు. లెర్నర్స్ టెస్టులో 60 శాతం వస్తే పాస్. అంటే పది ప్రశ్నల్లో నాలుగు తారుమారైనా బండి రోడ్డెక్కుతుంది. ఆ నాలుగూ రోడ్డు మీద ఎవరో ఒకరికి ఎదురవుతాయి.

అందుకని ఒక్క పేజీయే ఇవ్వగలిగితే అందులో అన్ని రూల్స్ పెట్టకూడదని నా అభిప్రాయం. తికమకపడే వాటిని జతలుగా పక్కపక్కన పెట్టాలి. ప్రతి జతకూ ఆ తేడా ఎందుకుందో ఒక్క ముక్కలో రాయాలి. కారణం తెలిస్తే రూలు మర్చిపోయినా మళ్లీ లాక్కురావచ్చు. బట్టీ పట్టినది టెన్షన్‌లో ముందుగా జారిపోతుంది.

బోర్డులు: లోపలి రంగు కాదు, అంచు చూడాలి

గుండ్రటి బోర్డులన్నీ ఆదేశాలే. ఎర్ర అంచు ఉంటే వద్దని, నీలం నిండుగా ఉంటే తప్పక చేయమని. ఎర్ర అంచులో హారన్ బొమ్మ, దాని మీద అడ్డ గీత ఉంటే హారన్ కొట్టొద్దు. నీలం బోర్డులో అదే హారన్ ఉంటే కచ్చితంగా కొట్టాలి, సాధారణంగా ఎదురొచ్చేవాళ్లు కనపడని మలుపు దగ్గర. ఎర్ర అంచులో 50 అని ఉంటే అంతకు మించొద్దు. ఇక్కడివరకు ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇబ్బంది నో పార్కింగ్ బోర్డుతో మొదలవుతుంది. దాని లోపలంతా నీలమే. 'నీలం అంటే చేయమని' అని నేర్చుకున్నవాడు దాన్ని చూసి ఇక్కడ బండి పెట్టుకోవచ్చేమో అనుకుంటాడు. కానీ అంచు ఎరుపు, గీత ఎరుపు. అందుకే పేజీలో మొదటి వాక్యం ఇలా ఉండాలి: గుండ్రటి బోర్డుకి లోపల ఏ రంగున్నా ఎర్ర అంచు కనిపిస్తే అది నిషేధమే.

ఆ తర్వాత గీతలు లెక్కపెట్టాలి. ఒక్క ఎర్ర గీత అడ్డంగా ఉంటే నో పార్కింగ్. రెండు గీతలు ఇంటూ గుర్తులా ఉంటే నో స్టాపింగ్. ఒక్క గీత ఒక్క పనినే ఆపుతుంది. అక్కడ బండి వదిలేసి వెళ్లకూడదు, కానీ మనిషిని దించి వెంటనే కదలొచ్చు. రెండు గీతలు రెండు పనుల్నీ ఆపుతాయి. అక్కడ పార్కింగూ లేదు, మనిషిని దించడానికి ఆగడమూ లేదు. బస్టాండ్ ముందు, ఫ్లైఓవర్ మొదట్లో 'ఒక్క నిమిషమే కదా' అని ఆపి చలాన్ తెచ్చుకునేవాళ్లలో చాలామంది ఈ రెండో గీతను చూడనివాళ్లే. డ్రైవర్ సీట్లోనే కూర్చుని ఇంజిన్ ఆన్‌లో ఉంచితే అది పార్కింగ్ కాదని ఇంకొందరి నమ్మకం. మనిషిని ఎక్కించుకోవడానికో దించడానికో కాకుండా బండి నిలబెట్టి ఎదురుచూస్తుంటే, లోపల ఎవరున్నా అది పార్కింగే.

బాణం బోర్డుల్లో ఇంకో సూక్ష్మం ఉంది. ఎర్ర అంచులో ఎడమ మలుపు బాణం మీద గీత ఉంటే ఎడమకు తిరగొద్దు. నీలం బోర్డులో కుడి మలుపు బాణం ఉంటే కుడికే తిరగాలి. రెండూ ఒకటే అనిపిస్తుంది. మొదటి బోర్డు ఒక దారిని మాత్రమే మూసింది, నేరుగా వెళ్లడానికి, కుడికి తిరగడానికి అడ్డు లేదు. రెండోది ఒక దారి మాత్రమే తెరిచింది. నేరుగా వెళ్తే తప్పే. 'ఎరుపు ఒకటి మూస్తుంది, నీలం ఒకటే తెరుస్తుంది' అని రాస్తే సరిపోతుంది.

పైన ఏ బొమ్మా లేని, ఎర్ర అంచున్న తెల్ల గుండ్రటి బోర్డు కూడా చాలామందిని ముంచుతుంది. లోపల ఖాళీగా ఉంది కాబట్టి ఆంక్షలు ముగిశాయని అనుకుంటారు. అంచు చూడాలన్న రూలు ఇక్కడా పనిచేస్తుంది. అంచు ఎరుపు, కాబట్టి నిషేధం. ఏ వాహనమని బొమ్మ వేయలేదు, కాబట్టి అన్ని వాహనాలకూ, రెండు వైపులా.

ఇక స్టాప్, గివ్ వే. ఎనిమిది మూలల ఎర్ర బోర్డు స్టాప్, తలకిందులుగా ఉన్న త్రికోణం గివ్ వే. ఈ రెండు ఆకారాలూ ఇంకే బోర్డుకీ లేవు. దుమ్ము పట్టినా, పోస్టర్ అంటించినా, వెనక నుంచి చూసినా ఆకారాన్ని బట్టి ఏ బోర్డో చెప్పేయవచ్చు. తేడా ఏమిటంటే, స్టాప్ దగ్గర రోడ్డంతా ఖాళీగా ఉన్నా చక్రం పూర్తిగా ఆగాలి. గివ్ వే దగ్గర స్పీడు తగ్గించి చూసి, ఎవరూ రాకపోతే ఆగకుండా వెళ్లొచ్చు. స్టాప్ బోర్డు పెట్టేది కదులుతూ చూస్తే రెండు వైపులా సరిగా కనపడని చోట. అక్కడ నెమ్మదిగా దొర్లుకుంటూ పోవడం ఆగినట్టు కాదు.

పసుపు లైటు: చిన్నప్పటి పద్యం చేసిన నష్టం

చిన్నప్పుడు స్కూల్లో ఎరుపంటే ఆగు, పసుపంటే సిద్ధంగా ఉండు, పచ్చంటే వెళ్లు అని నేర్పారు. మన దగ్గర సిగ్నల్ సాధారణంగా ఎరుపు నుంచి నేరుగా పచ్చకు మారుతుంది. పసుపు వచ్చేది పచ్చ తర్వాత, ఎరుపుకు ముందు. అంటే సిద్ధం కావాల్సింది ఆగడానికి, బయల్దేరడానికి కాదు. చిన్నప్పటి మాట గుర్తున్నవాడు పసుపు చూడగానే యాక్సిలరేటర్ తొక్కుతాడు.

నిజమైన రూలు రెండు ముక్కలు. పసుపు పడితే స్టాప్ లైన్ ముందు ఆగాలి. అప్పటికే ఆ లైనుకి సురక్షితంగా ఆగలేనంత దగ్గరికి వచ్చేసి ఉంటే మాత్రమే వెళ్లిపోవచ్చు. 'దగ్గర' అంటే ఎంత అన్నది ఎవరూ చెప్పరు. కొత్తవాళ్ల తికమకంతా అక్కడే.

లెక్క వేసి చూద్దాం. 40 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. పసుపు చూసి కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికి ఒక సెకను పట్టిందనుకుంటే 11 మీటర్లు అక్కడే అయిపోయాయి. పొడి రోడ్డు మీద కాస్త గట్టిగా బ్రేక్ వేస్తే బండి ఆగడానికి ఇంకో 12 మీటర్లు కావాలి. మొత్తం 23 మీటర్లు, అంటే దాదాపు రెండు పెద్ద ఆర్టీసీ బస్సుల పొడవు. ఇదే పేజీ మీద పెట్టాలి: 40లో వెళ్తున్నప్పుడు పసుపు పడితే, స్టాప్ లైనుకి రెండు బస్సుల కంటే దూరంగా ఉంటే ఆగు, లోపలుంటే అదే స్పీడులో దాటిపో.

రెండు బస్సుల లోపలున్నవాడికి ఎరుపు పడుతుందన్న భయం అక్కర్లేదు. పసుపు మూడు సెకన్లే ఉందనుకున్నా ఆ స్పీడులో 33 మీటర్లు వెళ్తాడు. లైను దాటి ఉంటాడు. స్పీడు పెంచాల్సిన అవసరమే లేదు.

స్పీడు 60 అయితే ఈ లెక్క రెండు బస్సుల నుంచి మూడుకు పెరగదు, దాదాపు నాలుగుకు చేరుతుంది. స్పీడు ఒకటిన్నర రెట్లు పెరిగితే బ్రేక్ వేశాక పట్టే దూరం రెండు రెట్లకు పైనే అవుతుంది కాబట్టి. వాన పడితే ఇంకా ఎక్కువ. అందుకే సిగ్నల్ దగ్గరికి వస్తూ, పచ్చ ఉన్నా సరే, 40కి దిగమని నేర్పేవాళ్లు చెప్పేది. అప్పుడు నిర్ణయం తేలిక. బ్రేక్ వేసే ముందు వెనక అద్దంలో ఓసారి చూడాలి. లారీ అంటుకుని వస్తుంటే, ఆగడం సురక్షితమా కాదా అన్నది కూడా మారుతుంది.

రాత్రిపూట సిగ్నల్ మినుకుమినుకుమంటూ కనిపించడం ఇంకో జత. పసుపు మినుకుతుంటే గివ్ వే బోర్డు దగ్గరిలాగా స్పీడు తగ్గించి జాగ్రత్తగా వెళ్లాలి. ఎరుపు మినుకుతుంటే స్టాప్ బోర్డు ఉన్నట్టే, పూర్తిగా ఆగి, చూసి, అప్పుడు వెళ్లాలి. బోర్డుల జత ముందే నేర్చుకుని ఉంటే ఇది కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. పేజీలో ఈ రెంటినీ ఒకే గడిలో పెట్టడం మంచిది.

ఫ్రీ లెఫ్ట్ గురించి ఒక్క మాట. ఎరుపు పడితే ఎడమకు తిరిగేవాడికీ ఎరుపే. అక్కడ ఫ్రీ లెఫ్ట్ అని బోర్డు ఉంటేనో, ఎడమ బాణం పచ్చగా వెలిగితేనో, ఎడమకు వేరే పాయ వదిలి ఉంటేనో తప్ప కదలకూడదు. ఫ్రీ లెఫ్ట్ ఉన్న చోట కూడా రోడ్డు దాటుతున్న మనిషికి ముందు దారి ఇవ్వాలి. వెనక నుంచి హారన్ కొడుతున్నారని వెళ్తే, చలాన్ హారన్ కొట్టినవాడికి రాదు.

ఎవరు ముందు? కుడి చేతి రూలు

పేజీలో సగం చోటు దీనికే ఇవ్వమంటాను. సిగ్నల్ లేని చౌరస్తాలో ఎవరు ముందు వెళ్లాలంటే చాలామంది 'పెద్ద బండి' అనో 'ముందొచ్చినవాడు' అనో అంటారు. రూలు వేరే. చౌరస్తాలో పోలీసు గాని, సిగ్నల్ గాని, బోర్డు గాని లేకపోతే, కుడి వైపు నుంచి వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలి. 1989 నాటి నిబంధనల్లోనూ ఇదే ఉంది, వాటి స్థానంలో 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఇదే.

కుడే ఎందుకు? మనం రోడ్డుకి ఎడమ వైపున నడుపుతాం. మీరు నేరుగా చౌరస్తా దాటబోతున్నారు. కుడి నుంచి వచ్చేవాడు తన ఎడమ వైపున వస్తాడు కదా, అంటే మీ ముక్కు ముందున్న దగ్గరి సగంలో వస్తాడు. ఎడమ నుంచి వచ్చేవాడు కూడా తన ఎడమనే పట్టుకుని వస్తాడు, కానీ అది మీకు దూరపు సగం అవుతుంది. మీరు చౌరస్తాలో అడుగుపెట్టగానే మొదట తగిలేది కుడివాడే. ఎడమవాడిని చేరేలోపు మీకు కొంత చోటు, కొంత సమయం ఉంటాయి. కాగితం మీద ప్లస్ గుర్తు గీసి రెండు బాణాలు వేస్తే ఇది అర నిమిషంలో తెలిసిపోతుంది. పేజీలో ఈ బొమ్మ తప్పనిసరి, ఏ వాక్యమూ దాని పని చేయలేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కాలనీలో రెండు సమానమైన రోడ్లు కలిసే చోటు, సిగ్నల్ లేదు, బోర్డు లేదు. మీరు కారులో నేరుగా వెళ్లాలి. మీ కుడి నుంచి బైకు, ఎడమ నుంచి ఆటో, ఇద్దరూ నేరుగా వెళ్లేవాళ్లే. ముగ్గురూ ఒకేసారి చౌరస్తాకి చేరారు. ఒక్కొక్కరి కుడి వైపు ఎవరున్నారో చూడండి. బైకుకి కుడి వైపు ఎవరూ లేరు, కాబట్టి అతను ముందు. మీ కుడి వైపు బైకుంది, కాబట్టి అది దాటేదాకా మీరు ఆగాలి. ఆటోకి కుడి వైపు మీరున్నారు, కాబట్టి మీరు దాటేదాకా ఆటో ఆగాలి. బైకు, కారు, ఆటో. బండి సైజుతో పని లేదు.

ఇప్పుడు ఇదే చోట మీకు ఎదురుగా నాలుగో బండి వచ్చిందనుకోండి. అప్పుడు ప్రతివాడి కుడి పక్కనా ఒకడు ఉంటాడు. రూలు ప్రకారం నలుగురూ ఆగాల్సిందే. ఇక్కడ రూలు చేతులెత్తేస్తుంది, ఎవరో ఒకరు చేయి చూపించి 'మీరు వెళ్లండి' అనాలి. తరగతిలో తెలివైన విద్యార్థి ఎవరో ఒకరు ఈ ప్రశ్న తప్పక వేస్తారు కాబట్టి నేర్పేవాళ్లకు జవాబు తెలిసుండాలి. పేజీలో దీనికి చోటు దండగ.

ఈ రూలుకి మినహాయింపులున్నాయి, వాటికీ ఒక వరుస ఉంది. మీరు సందులోంచి మెయిన్ రోడ్డు మీదికి వస్తుంటే కుడి ఎడమల లెక్క లేదు, మెయిన్ రోడ్డు మీది బండి ఏ వైపు నుంచి వచ్చినా దానిదే ముందు. గివ్ వే, స్టాప్ బోర్డులుంటే అవి చెప్పిందే. సిగ్నల్ పనిచేస్తుంటే బోర్డుల మాట కూడా పక్కకు పోతుంది. చౌరస్తా మధ్యలో పోలీసు నిలబడి చేయి చూపిస్తుంటే సిగ్నల్ కూడా లెక్కలోకి రాదు. ఎరుపు వెలుగుతున్నా రమ్మంటే వెళ్లాలి, పచ్చ ఉన్నా ఆగమంటే ఆగాలి. పేజీలో దీన్ని పై నుంచి కిందికి ఒక మెట్ల వరుసలా వేయొచ్చు: పోలీసు చేయి, సిగ్నల్, బోర్డు, మెయిన్ రోడ్డు, ఇవేవీ లేకపోతే కుడి చేయి. కుడి చేతి రూలు అన్నిటికంటే కింద ఉంటుంది. అది తెలియకనే మెయిన్ రోడ్డు మీది బస్సుకి ఎడమ సందులోంచి వచ్చి 'నేను మీ కుడి వైపు' అన్నంత ధీమాగా దూరేవాళ్లు కనపడతారు. నిజానికి ఆ బస్సుకి వాళ్లు ఎడమ వైపు, అంటే ఏ లెక్కలో చూసినా ఆగాల్సింది వాళ్లే.

కుడికి తిరిగేవాడు ఎదురుగా నేరుగా వచ్చేవాడికి దారి ఇవ్వాలన్నది కూడా ఇక్కడే రాయాలి. కుడికి తిరగడమంటే ఎదుటివాడి దారిని అడ్డంగా కోయడం. ఇండికేటర్ వేసినంత మాత్రాన దారి మనదైపోదు. ఇండికేటర్ మన ఉద్దేశం చెబుతుంది, అంతే. డిప్పర్ కొట్టడమూ అంతే. ఎదురుగా వచ్చేవాడు లైటు మినుకిస్తే 'నేను వస్తున్నా, ఆగు' అనే అర్థంలో ఇక్కడ ఎక్కువమంది వాడతారు. 'నువ్వు రా' అని వాడేవాళ్లూ ఉన్నారు. రెండు అర్థాలున్న సైగను నమ్మి కదలకూడదు.

రౌండబౌట్ దగ్గరికొస్తే కొత్త రూలు నేర్చుకోవాలని అనుకుంటారు. అక్కర్లేదు. మన దేశంలో సర్కిల్ చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాం, మధ్యలోని దిమ్మె ఎప్పుడూ మన కుడి పక్కన ఉంటుంది. అలాంటప్పుడు సర్కిల్లో ఇప్పటికే తిరుగుతున్న బండి లోపలికి రాబోయే మీకు ఏ వైపు నుంచి వస్తుంది? కుడి నుంచే. లోపలున్నవాడిదే ముందు అన్న రూలు కుడి చేతి రూలుకి ఇంకో రూపం. లోపలున్నవాడికి మీరు ఎడమ పక్క కనపడతారు, కాబట్టి అతను మీకోసం ఆగనక్కర్లేదు. ఆగితే వెనకున్న సర్కిలంతా జామ్ అవుతుంది. బయటికి వెళ్లాల్సిన రోడ్డుకి ముందున్న రోడ్డు దాటగానే ఎడమ ఇండికేటర్ వేయాలి. అది కనపడితే బయట ఆగినవాళ్లు ధైర్యంగా లోపలికి వస్తారు.

అమెరికా వెళ్లి నడపబోయేవాళ్లు డ్రైవింగ్ స్కూళ్లకు ఎక్కువే వస్తుంటారు, వాళ్లకు ఈ సర్కిల్ బొమ్మను అద్దంలో చూపిస్తే చాలు. అక్కడ కుడి వైపున నడుపుతారు, సర్కిల్ చుట్టూ గడియారానికి వ్యతిరేకంగా తిరుగుతారు, కాబట్టి లోపలున్నవాడు ఎడమ నుంచి వస్తాడు. లోపలున్నవాడిదే ముందు అన్న మాట మాత్రం మారదు. కానీ నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడళ్లు అక్కడ చాలా ఉంటాయి. వాటిలో మొదట వచ్చి ఆగినవాడు మొదట వెళ్తాడు. అది ఇక్కడి చౌరస్తాకి వర్తించదు. ఈ సంగతంతా వేరే కాగితం మీద ఇవ్వడం మేలు, ఒకే పేజీలో కలిపితే కొత్త తికమక మనమే తయారుచేసినట్టు.

ఘాట్ రోడ్డు, రోడ్డు గీతలు

ఇరుకైన ఘాట్ రోడ్డు మీద రెండు బండ్లు ఎదురుపడితే దిగేవాడు ఆగి, ఎక్కేవాడికి దారి ఇవ్వాలి. చాలామంది దీన్ని తిప్పి చెబుతారు, దిగే బండికి బ్రేకులు పడటం కష్టం కాబట్టి దాన్నే పోనివ్వాలంటారు. దిగేవాడు ముందే గేరు తగ్గించి, ఆగగలిగే స్పీడులో రావాలన్నది అసలు షరతు. ఎక్కే బండి మధ్యలో ఆగితే మళ్లీ కదిలేటప్పుడు క్లచ్ మాడుతుంది, వెనక్కి జారుతుంది, వెనకున్నవాడిని గుద్దుతుంది. ఆగిన చోటి నుంచి మళ్లీ బయల్దేరడం ఎవరికి కష్టమో వాళ్లదే ముందు. ఈ కారణం పక్కన రాస్తే రూలు తిరగబడదు. అరకు ఘాట్‌లోనో మారేడుమిల్లి వైపో ఇది పనికొస్తుంది. తిరుమలకు వెళ్లేటప్పుడు ఈ ప్రశ్నే రాదు, ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి ఇంకొకటి ఉన్నాయి.

రోడ్డు మధ్యలోని గీతల్లో తికమకపెట్టేది ఒక్కటే: పక్కపక్కన ఒక నిండు గీత, ఒక తెగిన గీత ఉన్నప్పుడు. మీ వైపున్న గీత ఏదో అదే మీది. మీ పక్కన తెగిన గీత ఉంటే, ఎదురుగా ఎవరూ లేకపోతే, దాటి ఓవర్‌టేక్ చేయొచ్చు. మీ పక్కన నిండు గీత ఉంటే వద్దు. ఎదుటివాడు గీత దాటి వస్తున్నాడంటే అతని పక్కన తెగిన గీత ఉందేమో, మీకూ ఆ హక్కు ఉన్నట్టు కాదు. అలా ఎందుకు వేస్తారంటే, మలుపు దగ్గరో గట్టు మీదో ఒక వైపు నుంచి వచ్చేవాడికి ముందు రోడ్డు చాలా దూరం కనపడుతుంది, రెండో వైపువాడికి కనపడదు. కనపడనివాడి వైపు నిండు గీత వేస్తారు. రెండూ నిండు గీతలైతే ఇద్దరికీ వద్దు.

హజార్డ్ లైట్ల గురించి ఒక వాక్యం చాలు: బండి కదులుతుంటే నాలుగు లైట్లూ వద్దు. వాన పడితే, సొరంగంలోకి వెళ్తే, చౌరస్తాలో నేరుగా వెళ్తున్నానని చెప్పడానికి అవి వేసేవాళ్లున్నారు. నాలుగూ మినుకుతుంటే మీరు లేను మారబోతున్నారో లేదో వెనకవాడికి తెలిసే దారి లేదు. పైగా బండి పాడై ఆగిందనుకుని వాడు గట్టిగా బ్రేక్ వేయొచ్చు. వానలో హెడ్‌లైట్ లో బీమ్ చాలు. నేరుగా వెళ్లడానికి ఏ సైగా అక్కర్లేదు.

కాగితం ఎలా అచ్చువేయాలి

ఇంత ఆలోచించి తయారుచేసిన పేజీని పాడుచేసేది జిరాక్స్ మిషన్. నలుపు తెలుపులో తీస్తే ఎర్ర అంచూ, నీలం నిండూ ఒకే బూడిద రంగులోకి మారిపోతాయి. నో పార్కింగ్ బోర్డులో ఎర్ర అంచూ, ఎర్ర గీతా లోపలి నీలంలో కలిసిపోయి సరిగా కనపడవు. అందుకని ప్రతి బోర్డు పక్కనా 'ఎర్ర అంచు', 'నీలం' అని అక్షరాల్లో రాయాలి. రంగులో వేయించే డబ్బుంటే మరీ మంచిది, కానీ ఆ కాగితాన్ని ఎవరో ఒకరు మళ్లీ నలుపు తెలుపులో జిరాక్స్ తీస్తారు.

చలాన్ మొత్తాలు పేజీలో పెట్టొద్దు. 2019 సవరణ తర్వాత చట్టంలోని జరిమానా ఒకటి, రాష్ట్రాలు వసూలు చేసేది ఇంకొకటి ఉన్న సందర్భాలున్నాయి, మారుతూ కూడా ఉంటాయి. ఆరు నెలలకే పాతబడే అంకె పక్కనున్న రూలు కూడా పాతదే అనిపిస్తుంది. అంకెల్లో ఉంచాల్సినవి రెండే, ఎందుకంటే అవి కూడా తారుమారవుతుంటాయి: లెర్నర్స్ తీసుకున్న 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ టెస్టుకి వెళ్లొచ్చు, లెర్నర్స్ చెల్లేది 6 నెలలు. నెల ఆగు, ఆరు నెలల్లోపు ముగించు.

పేజీ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ప్రశ్నలు అడిగితే చాలదు, చూసి చెప్పడం అందరికీ వస్తుంది. కాగితం బోర్లా పెట్టించి ఖాళీ కాగితం మీద మూడు బొమ్మలు గీయమనాలి. నో స్టాపింగ్ బోర్డు, నిండు గీత తెగిన గీత ఉన్న రోడ్డులో తను దాటగలిగే వైపు, చౌరస్తాలో తన దగ్గరి సగంలోంచి వచ్చే బండి బాణం. మూడో బొమ్మలో బాణాన్ని ఎడమ నుంచి గీసేవాళ్లను రెండో రోజు బండిలో పక్క సీట్లో కూర్చోబెట్టి, సిగ్నల్ లేని నాలుగైదు చౌరస్తాలు తిప్పాలి. ప్రతి చౌరస్తా ముందు 'ఇప్పుడు ఎవరు ముందు?' అని అడగాలి. స్టీరింగ్ చేతిలో లేనప్పుడు కళ్లు కుడి వైపు తేలిగ్గా తిరుగుతాయి.